సెలవు ఏ రోజు? యాప్ ఒకటి, జీవో ఇంకోటి చెప్పినప్పుడు

2025 జులై మొదటి వారంలో చాలా ఆఫీసు గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరిగింది. సోమవారం సెలవా, కాదా? మొహర్రం జులై 6 అని కేంద్ర ప్రభుత్వ సెలవుల జాబితాలో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల జాబితాల్లోనూ అదే తేదీ. అది ఆదివారం కాబట్టి ఉద్యోగులకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇంతలో ‘నెలవంకను బట్టి 7వ తేదీ సోమవారానికి మారొచ్చు’ అంటూ వార్తలొచ్చాయి. సౌదీ లెక్క వాడే హిజ్రీ క్యాలెండర్ ఫోన్లో పెట్టుకున్నవాళ్లకు మొహర్రం నెల పదో రోజు, అంటే పండుగ రోజు, 5నే కనిపించింది. ఒక్క పండుగకు మూడు తేదీలన్నమాట.

ఇలాంటప్పుడు ‘ఏ యాప్ కరెక్ట్?’ అని వెతకడం మొదలుపెడితే తెల్లారదు. అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ తేదీ ఎక్కణ్ణుంచి వచ్చింది? అది నాకు వర్తించే సెలవేనా? మొహర్రం విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు చాలా శుభ్రంగా దొరుకుతుంది కాబట్టి దాన్నే చివరిదాకా లాగి చూద్దాం.

జులై 5 అనేది సౌదీ అరేబియా ఉమ్ అల్ ఖురా క్యాలెండర్ తేదీ. అది ఖగోళ లెక్కల మీద ముందే తయారయ్యే క్యాలెండర్. చంద్రుణ్ణి ఎవరూ చూడక్కర్లేకుండా రాబోయే ఏళ్లకూ తేదీలు ఇస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు అదంటే ఇష్టం. మన దేశంలో మాత్రం నెల మొదలు కావాలంటే ఇక్కడ నెలవంక కనిపించాలి. సాధారణంగా మనకు సౌదీ కంటే ఒక రోజు ఆలస్యంగా నెల మొదలవుతుంది. 1447 హిజ్రీ సంవత్సరం సౌదీలో జూన్ 26న మొదలైంది. ఇండియాలో 26 సాయంత్రం నెలవంక కనిపించింది కాబట్టి మొహర్రం ఒకటో తేదీ జూన్ 27 అయింది. అక్కడ పదో రోజు జులై 5, ఇక్కడ జులై 6. గూగుల్ క్యాలెండర్‌లో ప్రత్యామ్నాయ క్యాలెండర్ పెట్టుకునేటప్పుడు హిజ్రీలోనే రెండు మూడు రకాలు కనిపించడానికి కారణం లెక్క కట్టే పద్ధతులు వేర్వేరుగా ఉండటమే. నమాజు వేళలు చూపే యాప్‌లు చాలావాటిలో హిజ్రీ తేదీని ఒక రోజు ముందుకో వెనక్కో జరుపుకునే అమరిక కూడా ఉంటుంది. మన దేశంలో వాడేవాళ్లు చాలామంది దాన్ని ఒక రోజు వెనక్కి పెట్టుకుంటారు. పెట్టుకోనివాళ్ల ఫోన్లో సౌదీ తేదీయే కనిపిస్తుంది.

ఇక జులై 7. నెలవంక జూన్ 26న కాక 27న కనిపించి ఉంటే మొహర్రం ఒకటో తేదీ 28 అయ్యేది, పదో రోజు జులై 7 అయ్యేది. అంటే 7 అనేది జూన్ 26 సాయంత్రం దాకా నిజంగానే తేలని విషయం. ఆ రాత్రి నెలవంక కనిపించిందని తేలిన తర్వాత అది ముగిసిపోయిన కథ. జులై 3న, 4న ‘మారే అవకాశం ఉంది’ అని రాసిన వార్తలు వారం కిందటే తేలిపోయిన సంగతిని ఇంకా తేలనట్టు రాశాయి. నెలవంకను చూసేది నెల మొదట్లో. పండుగ పదో రోజున. ఈ మధ్యలో ఉన్న తొమ్మిది రోజుల్లో చంద్రుడు ఎటూ పోడు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. బక్రీద్ జిల్హిజ్జ నెల పదో రోజు. మిలాద్ ఉన్ నబీ రబీ ఉల్ అవ్వల్ నెల పన్నెండో రోజు. మొహర్రం సెలవు పదో రోజుకి. ఈ మూడింటికీ తేదీ పండుగకు తొమ్మిది నుంచి పదకొండు రోజుల ముందే ఖరారవుతుంది. నెలవంక కబురు కోసం హైదరాబాద్‌లో సదర్ మజ్లిస్ ఉలేమా ఎ దక్కన్ ఆధ్వర్యంలోని రుయత్ ఎ హిలాల్ కమిటీ నెల 29వ రోజు సాయంత్రం కూర్చుంటుంది. కనిపించినా కనిపించకపోయినా ఆ రాత్రే ప్రకటిస్తుంది. నిజంగా ముందు రోజు రాత్రి దాకా ఆగాల్సింది రంజాన్ ఒక్కదానికే. అది షవ్వాల్ నెల ఒకటో తేదీ మరి. 2025లో సౌదీలో ఈద్ మార్చి 30న, మన దగ్గర 31న. కాబట్టి రంజాన్ వారంలో టికెట్ బుక్ చేసేవాళ్లు భయపడటంలో అర్థం ఉంది. బక్రీద్‌కు ముందు రోజు కూడా ‘ఇంకా తేలలేదు’ అనేవాళ్ల మాట మాత్రం వినక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. పండుగ తేదీ తేలినంత మాత్రాన సెలవు తేదీ తేలినట్టు కాదు. సెలవు ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు. అందుకే ఇక్కణ్ణుంచి కాగితాల సంగతి.

మార్పు ఎవరు చెప్పాలి?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సెలవుల జాబితాను సిబ్బంది, శిక్షణ విభాగం ప్రతి ఏడాదీ ముందే విడుదల చేస్తుంది. దాన్ని చాలామంది తేదీల పట్టిక వరకే చూసి మూసేస్తారు. అసలు సరుకు పట్టికకు పైన ఉన్న పేరాల్లో ఉంటుంది. ఈద్ ఉల్ ఫితర్, బక్రీద్, మొహర్రం, మిలాద్, ఈ నాలుగింటి తేదీ నెలవంకను బట్టి మారితే ఢిల్లీ ఆఫీసులకు ఆ శాఖే చెబుతుంది. ఢిల్లీ బయట ఉన్న కేంద్ర ఆఫీసులకు మాత్రం రాష్ట్ర రాజధానుల్లో ఉండే కేంద్ర ఉద్యోగుల సంక్షేమ సమన్వయ కమిటీలు, రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాన్ని బట్టి తేదీ మార్చుకోవచ్చు. అంటే హైదరాబాద్‌లోని ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసుకు రంజాన్ సెలవు ఏ రోజు అన్నది తేలాలంటే ఢిల్లీ జాబితాతో పాటు సచివాలయం ఏమందో కూడా చూడాలి.

అదే ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంటుంది. తేదీ మార్పు చివరి నిమిషంలో చెప్పాల్సి వస్తే కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే పీఐబీ, టీవీ, రేడియో, పత్రికల ద్వారా ప్రకటిస్తారని, విభాగాధిపతులు లాంఛనంగా ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా దాని ప్రకారం నడుచుకోవచ్చని. నాకు ఇందులో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం ఇదే అనిపిస్తుంది. ‘జీవో పోర్టల్లో ఇంకా పెట్టలేదు, కాబట్టి మార్పు లేదు’ అనే వాదన చెల్లదని దీనర్థం. అలాగని ఏ యూట్యూబ్ థంబ్‌నెయిల్ అయినా చాలని కాదు. ప్రకటన ప్రభుత్వం నోటి నుంచి రావాలి, మీడియా దాన్ని మోయాలి. కాబట్టి వార్తలో చూడాల్సింది శీర్షిక కాదు, ‘ఎవరు చెప్పారు’ అనే ముక్క. ‘ప్రధాన కార్యదర్శి ఉత్తర్వులు జారీ చేశారు’ అని ఉంటే ఒక రకం. ‘మారే అవకాశం ఉందని తెలుస్తోంది’ అని ఉంటే ఇంకో రకం. రెండో దాంట్లో చెప్పినవాళ్లే లేరు.

రాష్ట్రాల్లో సెలవుల జీవో సాధారణ పరిపాలన శాఖ నుంచి వస్తుంది. అందులో రెండు జాబితాలు ఉంటాయి. సాధారణ సెలవులు ఒకటి, ఐచ్ఛిక సెలవులు ఇంకోటి. మొదటి జాబితాలో ఉంటే ఆఫీసు మూసేస్తారు. రెండో జాబితాలో ఉంటే ఆఫీసు తెరిచే ఉంటుంది, కావాల్సిన ఉద్యోగి ముందుగా అడిగి పరిమిత సంఖ్యలో వాడుకుంటాడు. ‘యాప్‌లో సెలవు అని ఉంది, తీరా చూస్తే ఎమ్మార్వో ఆఫీసు తెరిచే ఉంది’ అన్న సందర్భాల్లో చాలావరకు ఇదే కారణం. యాప్ తప్పు చెప్పలేదు. ఐచ్ఛికాన్నీ సాధారణాన్నీ ఒకే రంగులో చూపించింది, అంతే.

మారిన జీవో అని వాట్సాప్‌లో ఫొటో వస్తే ఏం చూడాలి? పైన శాఖ పేరు, జీవో నంబరు, తేదీ ఉంటాయి. తేదీలో సంవత్సరం చూడండి. నిరుడు వచ్చిన నిజమైన జీవోను ఈ ఏడాది తిప్పడం దొంగ జీవో తయారు చేయడం కంటే తేలిక, ఎక్కువగా జరిగేదీ అదే. ఆ తర్వాత దాని కింద ‘చదివినవి’ అంటూ పాత జీవోల ప్రస్తావన ఉంటుంది. సెలవు మార్చే ఉత్తర్వు గాల్లోంచి ఊడిపడదు. ఏడాది మొదట్లో వచ్చిన అసలు జాబితా జీవోకు పాక్షిక సవరణగా వస్తుంది, దాని నంబరును పేర్కొంటుంది. ఆ నంబరు అసలు జాబితా నంబరుతో సరిపోలితే మీ చేతిలో ఉన్న కాగితానికి తల్లీతండ్రీ దొరికినట్టే. చివరగా, అది ఎవరికి వర్తిస్తుందో చెప్పే పేరా. రాష్ట్రమంతటికా, కొన్ని జిల్లాలకా, ఆఫీసులకా, బడులకు కూడానా అన్నది అక్కడే తేలుతుంది. ఫొటోలో ఆ పేరా కత్తిరించి ఉంటే అసలు కాపీ కోసం goir.telangana.gov.in లోనో goir.ap.gov.in లోనో శాఖ, తేదీ ఇచ్చి వెతకాలి. అన్ని జీవోలూ అదే రోజు అక్కడికి చేరతాయన్న హామీ లేదు. కాబట్టి అక్కడ దొరికితే రుజువు, దొరక్కపోతే అబద్ధమని రుజువు కాదు.

యాప్‌లో ఏముంటుంది?

ఫోన్లో కనిపించే ‘ఇండియా సెలవులు’ అనే క్యాలెండర్ నిజానికి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. ఎవరో ఒకచోట తయారు చేస్తారు, మీ ఫోన్ అప్పుడప్పుడు దాన్ని తెచ్చుకుంటుంది. ఐసీఎస్ అనే ఆ ఫైలు తెరిచి చూస్తే ఒక్కో సెలవు దాదాపు ఇలా ఉంటుంది:

```
DTSTART;VALUE=DATE:20250706
DTEND;VALUE=DATE:20250707
SUMMARY:Muharram/Ashura (tentative)
```

మూడో వరుసలోని `tentative` అనే మాట చూశారా? గూగుల్ ఇస్లామిక్ పండుగలకు ముందుగా పెట్టే ముద్ర అది. తేదీ మారొచ్చని దానంతట అదే ఒప్పుకుంటోంది. మనం చదవం, అదీ సంగతి. చిన్న తెరపై పేరు సగంలో తెగిపోతే ఆ మాట కనిపించదు కూడా. ఈవెంట్ మీద నొక్కి వివరణ చూస్తే అది ప్రభుత్వ సెలవా, ఉత్తి పండుగ రోజా అన్నది కూడా రాసి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘ప్రభుత్వ సెలవులు మాత్రమే’ అని పెట్టుకునే వీలుంది. చాలామంది ఫోన్లలో అన్నీ కలిపి చూపించేదే ఉంటుంది.

రెండో వరుసలో ఇంకో తమాషా ఉంది. సెలవు 6వ తేదీ ఒక్కరోజే అయినా ముగింపు 7 అని రాసి ఉంది. అది తప్పు కాదు. ఈ పద్ధతిలో ముగింపు తేదీ లెక్కలోకి రాదు, ‘7 మొదలయ్యే దాకా’ అని అర్థం. ఆ నియమం తెలియని ప్రోగ్రాం ఏదైనా ఈ ఫైలును దిగుమతి చేసుకుంటే 6, 7 రెండు రోజులూ సెలవని చూపిస్తుంది. ఆఫీసు హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఒక్కరోజు పండుగ రెండు రోజులైతే ముందుగా అనుమానించాల్సింది ఈ వరుసనే.

విదేశాల్లో ఉన్నవాళ్లకూ, ఇక్కడివాళ్లతో కలిసి పనిచేసే టీములకూ ఇంకో చిక్కు. పైన చూపించినట్టు ‘తేదీ’గా రాస్తే ప్రపంచమంతా 6వ తేదీనే చూస్తుంది. అలా కాకుండా మన కంపెనీలో ఎవరో ఆ సెలవును జులై 5 దాటి 6 వచ్చే అర్ధరాత్రి 12 గంటలకు మొదలయ్యే సమావేశంలా పెట్టారనుకోండి. మన అర్ధరాత్రి డాలస్‌లో జులై 5 మధ్యాహ్నం 1.30. అక్కడివాళ్ల క్యాలెండర్‌లో సెలవు 5వ తేదీకి పాకుతుంది. అప్పుడు ‘హైదరాబాద్ టీముకు శనివారం సెలవట’ అని వాళ్లు అనుకోవడంలో వింతేమీ లేదు. పంచాంగం యాప్‌ల సంగతి వేరు. అవి ఫోన్ ఉన్న ఊరి సూర్యోదయాన్ని బట్టి తిథి లెక్కగడతాయి కాబట్టి అమెరికాలో ఉన్న ఫోన్ చూపించే పండుగ తేదీ అక్కడి పూజకు సరైనది కావొచ్చు, ఇక్కడి సెలవుకు పనికిరాదు.

ఇద్దరూ ఒప్పే అయిన దీపావళి

మొహర్రంలో ఒక తేదీ నిలిచింది, మిగతావి పడిపోయాయి. ప్రతిసారీ అలా జరగదు. 2025 దీపావళి తీసుకోండి. అమావాస్య అక్టోబర్ 20 మధ్యాహ్నం 3.44కు మొదలై 21 సాయంత్రం 5.54 వరకు ఉంది. ప్రదోష కాలంలో, అంటే పొద్దుగూకాక, అమావాస్య పూర్తిగా ఉన్నది 20నే. కాబట్టి మన పంచాంగాల్లో లక్ష్మీపూజ 20. కేంద్ర జాబితాలో 20, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాబితాల్లో 20. హైదరాబాద్, విజయవాడ బ్యాంకులు 20న మూశారు. అయితే మహారాష్ట్ర జాబితాలో లక్ష్మీపూజ 21, బలిపాడ్యమి 22. ముంబైలో ఉన్న స్టాక్ ఎక్స్చేంజి ఎన్ఎస్ఈ ఆ రెండు రోజులే మూసింది, దీపావళికి శుభారంభంగా కాసేపు నడిపే ముహూరత్ ట్రేడింగ్ కూడా 21 మధ్యాహ్నమే పెట్టింది.

దీన్ని గుంటూరులో కూర్చుని షేర్లు కొనే మనిషి వైపు నుంచి చూడండి. 20న ఆయన బ్యాంకు మూసి ఉంది, మార్కెట్ తెరిచి ఉంది. 21న బ్యాంకు తెరిచి ఉంది, మార్కెట్ మామూలు వేళల్లో లేదు. ఆయన ఫోన్లోని క్యాలెండర్ 20 అంది, ట్రేడింగ్ యాప్ 21 అంది. ఏది తప్పు? ఏదీ కాదు. రెండింటికీ వేర్వేరు అధికారులు, వేర్వేరు ఊళ్లు.

బ్యాంకుల సంగతి కొంచెం విడమరచాలి, ఎందుకంటే డబ్బు ఇబ్బందులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగులకు సెలవు ఇచ్చినంత మాత్రాన బ్యాంకులు మూయరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఆ రోజును ప్రభుత్వ సెలవుగా ప్రకటించాలి. ఆ అధికారం కేంద్రానిది, రాష్ట్రాలకు అప్పగించింది. అందుకే ఆఫీసుల సెలవులకూ ఈ చట్టం కింద సెలవులకూ ప్రకటనలు వేరుగా ఉంటాయి, రెండు జాబితాలూ అన్ని రోజులకీ కలవవు. దీన్ని సామాన్యుడు తేలిగ్గా చూసుకునే చోటు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోని `Bank Holidays` పేజీ. అక్కడ ప్రాంతీయ కార్యాలయం, నెల ఎంచుకోవాలి. దేశమంతటి జాబితాను గుదిగుచ్చి ‘ఈ నెల బ్యాంకులకు 15 రోజులు సెలవు’ అని వేసే వార్తలు ఏ ఊరి మనిషికీ అక్కరకు రావు. షిల్లాంగ్ సెలవూ పనాజీ సెలవూ కలిపితే వచ్చిన సంఖ్య అది.

బ్యాంకు మూసినా డబ్బు ఆగకపోవచ్చు. నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి ఏడాది పొడవునా పగలూ రాత్రీ నడుస్తున్నాయి. ఈఎంఐలు లాగే నాచ్ కూడా 2021 ఆగస్టు నుంచి అన్ని రోజులూ పనిచేస్తోంది. కాబట్టి ‘రేపు సెలవు కదా, ఈఎంఐ ఎల్లుండి పోతుందిలే’ అనుకుని ఖాతా ఖాళీగా ఉంచితే రేపే బౌన్సవుతుంది. సెలవు వల్ల ఆగేది చెక్కు క్లియరింగ్, కౌంటర్ పని.

తేదీ తేలినా సెలవు కదిలితే

పండుగ ఎప్పుడో తెలిసిపోయాక కూడా ప్రభుత్వం సెలవును పక్కకు జరిపిన సందర్భాలున్నాయి. మహారాష్ట్ర 2024లో మిలాద్ సెలవును ముంబైలో సెప్టెంబర్ 16 నుంచి 18కి మార్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 5 నుంచి 8కి మార్చింది. నెలవంకతో దీనికి సంబంధం లేదు. గణేశ్ నిమజ్జనం దగ్గర్లోనే ఉంది, రెండు ఊరేగింపులు ఢీకొనకుండా మిలాద్ ఊరేగింపును వాయిదా వేశారు, సెలవు దాని వెంట నడిచింది. ముంబై బ్యాంకులూ, రిజర్వ్ బ్యాంకు చూసే మనీ మార్కెట్లూ కూడా దాన్నే అనుసరించాయి. ఏ ఖగోళ లెక్కా 18 అనో 8 అనో చెప్పలేదు. అది పోలీసు బందోబస్తు లెక్క.

తెలంగాణలో దీనికి దగ్గరి ఉదాహరణ 2024 సెప్టెంబర్ 17. నిమజ్జనం కోసం హైదరాబాద్, సికింద్రాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ మల్కాజిగిరి పరిధిలో సెలవిచ్చి, బదులుగా నవంబర్ 9, రెండో శనివారం, పనిదినం చేశారు. సెలవు వచ్చిన సంగతి అందరికీ గుర్తుంటుంది. రెండు నెలల తర్వాత వచ్చే ఆ శనివారం ఎవరికీ గుర్తుండదు. ఏ అంతర్జాతీయ యాప్‌లోనూ జిల్లా సెలవు ఉండదు, బదులు పనిదినం అసలే ఉండదు. బదులు పనిదినం ఉన్న జీవో కనిపిస్తే ఆ రెండో తేదీని అప్పుడే ఫోన్లో ఎక్కించుకోవడం ఒక్కటే మార్గం.

ఇంకో రకం 2023 దీపావళి. అమావాస్య నవంబర్ 12 మధ్యాహ్నం మొదలై 13 మధ్యాహ్నం దాకా ఉంది. పూజ 12 సాయంత్రమే, ఆదివారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం సెలవును 12 నుంచి 13, సోమవారానికి మార్చింది. క్యాలెండర్ 12 అంటే ఒప్పే. జీవో 13 అంటే అదీ ఒప్పే. దీపాలు పెట్టే రోజు వేరు, ఆఫీసు మూసే రోజు వేరు. కేంద్ర జాబితాలో ఇలాంటి వెసులుబాటు మామూలుగా ఉండదు. పండుగ వారాంతపు సెలవు రోజున పడితే దానికి బదులు ఇంకో రోజు ఇవ్వరు. 2025 మొహర్రానికి ‘ఆదివారం పోయింది కాబట్టి సోమవారం ఇస్తారేమో’ అన్న ఆశకు పునాది లేకపోవడం అందుకే.

దీపావళికి కేంద్ర ఉత్తర్వులోనే ఒక ప్రత్యేక పేరా ఉందని చాలామందికి తెలియదు. కొన్ని రాష్ట్రాల్లో దీపావళి పేరిట ఒక రోజు ముందే, నరక చతుర్దశి నాడే సెలవిస్తారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం దీపావళికి ఆ ఒక్క రోజునే ఇస్తే, అక్కడి కేంద్ర ఆఫీసులు కూడా అదే రోజు పాటించడానికి అభ్యంతరం లేదని అందులో ఉంటుంది. ఒకే శాఖకు చెందిన రెండు ఊళ్ల ఆఫీసులు వేర్వేరు రోజుల్లో మూసి ఉండటం అలా జరుగుతుంది.

ప్రైవేటు ఉద్యోగులకు ఈ జీవోలేవీ నేరుగా అంటవు. వాళ్లకు సెలవంటే కంపెనీ ఏడాది మొదట్లో పెట్టిన జాబితా. రాష్ట్రం రంజాన్ తేదీ మారిస్తే కంపెనీ కూడా మారుస్తుందా లేదా అన్నది ఆ జాబితా కింద ఉన్న గమనికలో ఉంటుంది, లేకపోతే హెచ్ఆర్‌ను అడగాలి. బడుల సంగతి అడిగితే విద్యాశాఖ, జిల్లా కలెక్టర్, యాజమాన్యం, ఈ వరుసలో చూడాలి. వర్షాలకు కలెక్టర్ ఇచ్చే సెలవు రాత్రి పదింటికి రావడం మనకు కొత్తేం కాదు.

గడువు ఉన్న పని అయితే ఇంకొక్క విషయం. ఏదైనా కేంద్ర చట్టం ప్రకారం ఫలానా తేదీలోగా కోర్టులోనో ఆఫీసులోనో చేయాల్సిన పని ఉండి, ఆ ఆఖరి రోజున అది మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున చేసినా గడువులో చేసినట్టే అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ చెబుతుంది. అయితే ఇందులో లెక్కకు వచ్చేది ఆ రోజు ఆ కోర్టు, ఆ ఆఫీసు నిజంగా మూసి ఉండటం. ఫోన్ క్యాలెండర్‌లో ఆ తేదీ ఏ రంగులో ఉందన్నది కాదు. ఐచ్ఛిక సెలవు రోజున ఆఫీసు తెరిచే ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు అప్పుడు దొరకదు. ఆన్‌లైన్ పోర్టల్లో దాఖలు చేసే పనులకు ఈ సెక్షన్ మీద ఆశ పెట్టుకోకుండా, సెలవు తేదీ మీద వాదన నడుస్తున్న వారంలో దానికి ముందున్న పనిదినాన్నే ఆఖరి రోజుగా లెక్కేసుకుని పని ముగించడం మేలు.